ఒకే పదిమందా, వేరువేరు ఇరవైమందా?

వైద్య విద్య పరీక్షలకు వెళ్లేవాళ్లు బయోస్టాటిస్టిక్స్ కోసం బట్టీపట్టే సూత్రం ఒకటుంది. ప్రశ్నలో 'ముందు, తర్వాత' అని కనిపిస్తే పెయిర్డ్ టీ-టెస్ట్, 'రెండు గ్రూపులు' అని కనిపిస్తే అన్‌పెయిర్డ్ టీ-టెస్ట్. చాలాసార్లు దీంతోనే మార్కు వచ్చేస్తుంది. ప్రశ్న తయారుచేసినాయన కాస్త గడుసువాడైతే మాత్రం 'ముందు, తర్వాత' అన్న మాటలే లేకుండా జతలు పెడతాడు, లేదా ఆ మాటలు పెట్టి జతలు లేకుండా చేస్తాడు. పీజీ థీసిస్ దగ్గరికి వచ్చేసరికి చిక్కు ఇంకా ముదురుతుంది. అక్కడ పట్టుకోవడానికి ప్రశ్నలో మాటలే ఉండవు. ఎక్సెల్ షీట్‌లో రెండు కాలమ్‌ల అంకెలు మాత్రం ఉంటాయి.

ఈ రెండు టెస్టులకూ తేడా ఎక్కడుందో తెలియాలంటే అంకెలు ముందుపెట్టుకుని చూడటమే మేలు. అందుకు పనికొచ్చే పాత పట్టిక ఒకటుంది. అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో, కలమజూ ఊళ్లోని మానసిక చికిత్సాలయంలో జరిగిన నిద్రమందుల ప్రయోగాన్ని ఆర్థర్ కుష్నీ, పీబుల్స్ అనే ఇద్దరు పరిశోధకులు 1905లో ప్రచురించారు. ఒకే రోగికి కొన్ని రాత్రులు ఒక మందు, కొన్ని రాత్రులు మరో మందు ఇచ్చారు. కొన్ని రాత్రులు ఏ మందూ ఇవ్వలేదు. ప్రతి రాత్రీ ఎంతసేపు నిద్రపోయిందీ రాసుకున్నారు. మందు లేని రాత్రులకంటే మందు వేసిన రాత్రుల్లో సగటున ఎన్ని గంటలు ఎక్కువ నిద్రపట్టిందన్నదే కింద ఉన్న అంకె. మైనస్ ఉంటే ఆ రోగికి నిద్ర తగ్గిందన్నమాట.

| రోగి | మొదటి మందు | రెండో మందు | తేడా |
|---|---|---|---|
| 1 | 0.7 | 1.9 | 1.2 |
| 2 | −1.6 | 0.8 | 2.4 |
| 3 | −0.2 | 1.1 | 1.3 |
| 4 | −1.2 | 0.1 | 1.3 |
| 5 | −0.1 | −0.1 | 0.0 |
| 6 | 3.4 | 4.4 | 1.0 |
| 7 | 3.7 | 5.5 | 1.8 |
| 8 | 0.8 | 1.6 | 0.8 |
| 9 | 0.0 | 4.6 | 4.6 |
| 10 | 2.0 | 3.4 | 1.4 |

మొదటి మందుతో సగటున 0.75 గంట, రెండో మందుతో 2.33 గంటలు నిద్ర పెరిగింది. తేడా 1.58 గంటలు, అంటే దాదాపు గంటా ముప్పై అయిదు నిమిషాలు. రెండో మందు నిజంగానే మెరుగైనదా, లేక పదిమందే కదా, ఏదో అలా కలిసొచ్చిందా? టీ-టెస్ట్ జవాబు చెప్పేది ఈ ప్రశ్నకే. అది చేసే పని నిజానికి చిన్నది. వచ్చిన తేడాను, ఆ తేడా కాకతాళీయంగా ఎంతవరకు అటూ ఇటూ ఊగగలదో ఆ ఊపుతో భాగిస్తుంది. ఆ ఊపుకి పుస్తకాల్లో పేరు స్టాండర్డ్ ఎర్రర్. భాగిస్తే వచ్చిన సంఖ్యే టీ విలువ. తేడా ఊపుకంటే ఎన్నో రెట్లుంటే మందుల మధ్య తేడా నిజమేనని నమ్మబుద్ధేస్తుంది. ఒకటిన్నర, రెండు రెట్ల దగ్గరే ఉంటే నమ్మకం కుదరదు.

రెండు టెస్టుల్లోనూ పైన ఉండే సంఖ్య ఒకటే, 1.58. మారేదల్లా కింద ఉండే ఊపు.

ముందు అన్‌పెయిర్డ్ పద్ధతిలో చేద్దాం. అంటే మొదటి మందు వేసుకున్నవాళ్లు ఒక పదిమంది, రెండో మందు వేసుకున్నవాళ్లు ఇంకో పదిమంది, మొత్తం ఇరవైమంది అనుకుందాం. మొదటి కాలమ్‌లో అంకెల చెదురుదనం, అంటే స్టాండర్డ్ డీవియేషన్, 1.79. రెండో దాంట్లో 2.00. ఈ రెండింటినీ వర్గం చేసి, ఒక్కోదాన్ని పదితో భాగించి, కలిపి, వర్గమూలం తీస్తే 0.85 వస్తుంది. 1.58ని దాంతో భాగిస్తే టీ విలువ 1.86. ఇంత చిన్న గ్రూపుల్లో అయిదు శాతం గీత దాటాలంటే 2.10 కావాలి, కాబట్టి దాటలేదు. పి-విలువ 0.079. 'రెండు మందుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు' అని థీసిస్‌లో ఒక వాక్యం రాసి ఊరుకోవాల్సిందే.

ఇక పెయిర్డ్. ఇక్కడ కాలమ్‌లను పక్కనపెట్టి చివరి కాలమ్‌లోని పది తేడాలనే చూస్తాం. వాటి సగటు 1.58, స్టాండర్డ్ డీవియేషన్ 1.23. పది వర్గమూలంతో భాగిస్తే ఊపు 0.39. టీ విలువ 4.06. ఇక్కడ దాటాల్సిన గీత 2.26 కాబట్టి అలవోకగా దాటేసింది. పి-విలువ 0.0028. ఆ అంకెలే, ఆ పదిమందే. ఒక లెక్క లేదన్నదాన్ని ఇంకో లెక్క గట్టిగా ఉందంటోంది.

ఇందులో కనికట్టు ఏమీ లేదు. పట్టికలో ఆరో రోగినీ ఏడో రోగినీ చూడండి. మొదటి మందుకే వాళ్లకు మూడున్నర గంటల దాకా నిద్ర పెరిగింది, రెండో దానికి ఇంకా పెరిగింది. ఏ మందు వేసినా పనిచేసే శరీరాలవి. రెండో రోగికీ నాలుగో రోగికీ మొదటి మందు వేస్తే ఉన్న నిద్ర కాస్తా తగ్గింది, రెండోది వేస్తే కొద్దిగా పెరిగింది. మనిషికీ మనిషికీ మధ్య ఇంత తేడా ఉంది. మనం అడుగుతున్నది మనుషుల మధ్య తేడా గురించి కాదు, మందుల మధ్య తేడా గురించి. అన్‌పెయిర్డ్ టెస్ట్‌కి ఈ రెండింటినీ విడదీసే దారి లేదు. మనుషుల మధ్య ఉన్న తేడానంతా ఊపులోనే కలిపేసుకుంటుంది. పెయిర్డ్ టెస్ట్ ఒక రోగి అంకెలోంచి అదే రోగి అంకెను తీసేసినప్పుడు ఆ మనిషికి సొంతమైనదంతా రెండువైపులా కొట్టుకుపోతుంది. నిద్రపట్టే మనిషి, పట్టని మనిషి అన్న భేదం పోయి మందుల తేడా ఒక్కటే మిగులుతుంది. అందుకే ఊపు 0.85 నుంచి 0.39కి దిగింది.

ఈ లాభం ఎంతన్నది రెండు కాలమ్‌లు ఎంతగా కలిసి నడుస్తాయన్నదాన్నిబట్టి ఉంటుంది. ఈ పట్టికలో వాటి మధ్య కోరిలేషన్ దాదాపు 0.8. ఒకదాంట్లో పైన ఉన్నవాళ్లు రెండోదాంట్లోనూ పైనే ఉన్నారన్నమాట. ఒకవేళ కోరిలేషన్ సున్నా అయితే జతకట్టినందువల్ల ఊపు తగ్గదు, పైగా చిన్న నష్టం కూడా ఉంది. ఇరవై విడి అంకెలు పది తేడాలుగా కుదించుకుపోతాయి కాబట్టి దాటాల్సిన గీత 2.10 నుంచి 2.26కి పెరుగుతుంది. అయితే ఒకే మనిషిని రెండుసార్లు కొలిచినప్పుడు కోరిలేషన్ సున్నాకి దగ్గర్లో ఉండటం అరుదు. బరువైనా, బీపీ అయినా, హిమోగ్లోబిన్ అయినా నిన్న ఎక్కువున్న మనిషికి ఇవాళా ఎక్కువే ఉంటుంది.

ఈ పట్టికను లెక్కల లోకానికి పరిచయం చేసింది విలియం సీలీ గాసెట్. డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కంపెనీ ఉద్యోగి. 1908లో 'స్టూడెంట్' అనే మారుపేరుతో బయోమెట్రికా పత్రికలో ఆయన రాసిన వ్యాసంలోంచే టీ-టెస్ట్ పుట్టింది. అందులో మొదటి ఉదాహరణ ఈ నిద్రమందులే. గాసెట్ తేడాల కాలమ్ మీదే లెక్క చేసి, రెండో మందు మెరుగైనదనడానికి 666కి 1 చొప్పున పందెం కాయొచ్చని తేల్చాడు. అన్‌పెయిర్డ్ దారి అసలు తొక్కనే లేదు. ఆ వ్యాసంలో మందుల పేర్లు మాత్రం తారుమారయ్యాయి. కుష్నీ ఇచ్చిన మందులు వేరు, గాసెట్ పట్టిక మీద రాసిన పేర్లు వేరు. ఆ పొరపాటు తర్వాతి పుస్తకాల్లోకీ ఎక్కింది. మన లెక్కకు దాంతో ఇబ్బంది లేదు గానీ, మందు పేరు కోసం గాసెట్‌ని ఉదహరించేవాళ్లు మాత్రం జాగ్రత్తపడాలి.

ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో ఈ పట్టిక `sleep` అన్న పేరుతో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. నమ్మకం లేనివాళ్లు కింది నాలుగు లైన్లు కొట్టి చూసుకోవచ్చు.

```r
m1 <- sleep$extra[1:10]
m2 <- sleep$extra[11:20]
t.test(m2, m1, paired = TRUE)
t.test(m2, m1)
```

మూడో లైను 0.002833 అని చూపిస్తుంది, నాలుగోది 0.07939 అని. చిత్రమేమిటంటే ఈ పట్టికను ఆర్‌లో తెరిస్తే ఇరవై అంకెలూ ఒకే కాలమ్‌లో ఉంటాయి, పక్కన మందు సంఖ్య ఉన్న కాలమ్‌కి `group` అని పేరు. అది చూసి రెండు గ్రూపులే కాబోలనుకుని అన్‌పెయిర్డ్ చేసేస్తారు. ఆ పేరు తప్పుదారి పట్టించవచ్చనీ, ఇవి పదిమంది మీద తీసిన కొలతలేననీ సాఫ్ట్‌వేర్ సహాయ పేజీలోనే హెచ్చరిక రాసిపెట్టారు.

ఇక పరీక్ష ప్రశ్నలకూ ఎక్సెల్ షీట్లకూ పనికొచ్చే మాట. రెండో కాలమ్‌లోని అంకెలను పేకముక్కల్లా కలిపేసి మళ్లీ అక్కడే పేర్చారనుకోండి. సగటు మారదు, చెదురుదనం మారదు, అన్‌పెయిర్డ్ టెస్ట్ జవాబు చివరి దశాంశం దాకా అదే వస్తుంది. పెయిర్డ్ టెస్ట్ జవాబు మాత్రం మారిపోతుంది, ఎందుకంటే ఏ అంకె పక్కన ఏ అంకె ఉందన్నదే దానికి ఆధారం. కాబట్టి ప్రశ్న చదవగానే అడగాల్సింది ఒక్కటే. ఈ కాలమ్‌ని కలిపేస్తే ఏదైనా నిజం పాడవుతుందా? పాడయితే జతలున్నట్టే. కలిపినా ఏమీ పోకపోతే జతలు లేనట్టే.

ఈ గీటురాయి మీద కొన్ని ప్రశ్నలు పెట్టి చూద్దాం. ముప్పైమందికి మందు మొదలుపెట్టే ముందు బీపీ, నెల తర్వాత అదే ముప్పైమందికి బీపీ. కలిపితే ఒకరి బీపీ ఇంకొకరి పక్కకు పోతుంది, కాబట్టి పెయిర్డ్. ముప్పైమంది మగవాళ్ల హిమోగ్లోబిన్, ముప్పైమంది ఆడవాళ్ల హిమోగ్లోబిన్. మొదటి మగమనిషి పక్కన మొదటి స్త్రీ ఉండటానికి వరుస సంఖ్య తప్ప వేరే కారణం లేదు, కాబట్టి అన్‌పెయిర్డ్. ఇక్కడ రెండువైపులా ముప్పై ఉండటం ఎర మాత్రమే. సంఖ్యలు సమానమైనంత మాత్రాన జతలు కుదిరినట్టు కాదు. సమానం కాకపోతే మాత్రం, రెండో కొలత కొందరికి తప్పిపోయిన సందర్భం మినహా, జతలు లేవని దాదాపు ఖాయంగా చెప్పొచ్చు.

ఒక గ్రామంలో నిరుడు వందమంది గర్భిణుల హిమోగ్లోబిన్ చూశారు. తర్వాత ఏడాది పొడవునా ఐరన్ మాత్రలు పంచారు. ఈ ఏడు మళ్లీ వందమంది గర్భిణులను చూశారు. ప్రశ్నలో 'కార్యక్రమానికి ముందు, తర్వాత' అని కొట్టొచ్చినట్టు ఉంటుంది. నిరుటి గర్భిణులు ఈపాటికి ప్రసవించారు, వీళ్లు వేరే వాళ్లు. అన్‌పెయిర్డే. దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. యాభైమంది మధుమేహ రోగులు. ఒక్కొక్కరికీ అదే వయసు, అదే లింగం, అదే వీధి ఉన్న మధుమేహం లేని మనిషిని వెతికి పక్కన పెట్టారు. మనుషులు నూరుమంది, గ్రూపులు రెండు, ముందూ తర్వాతా అన్నది ఎక్కడా లేదు. అయినా ఫలానా రోగి పక్కన ఫలానా మనిషి ఉండటానికి కారణం ఉంది. కలిపేస్తే ఆ పొందిక పోతుంది. పెయిర్డే. కవల పిల్లలను ఒకరికి ఒక ఆహారం, ఇంకొకరికి ఇంకో ఆహారం ఇచ్చి తూచినా ఇదే లెక్క.

కళ్ల ప్రశ్న దగ్గర చాలామంది బోల్తా పడతారు. ఇరవైమందికి కుడికంట్లో ఒక చుక్కలమందు, ఎడమకంట్లో ఇంకో చుక్కలమందు వేసి కంటి ఒత్తిడి కొలిస్తే పెయిర్డ్. పదిమందికి రెండు కళ్లలోనూ మొదటి మందు, ఇంకో పదిమందికి రెండు కళ్లలోనూ రెండో మందు వేసి, 'ఇరవై కళ్లు, ఇరవై కళ్లు' అని లెక్కవేస్తే ఏ టీ-టెస్టూ సరిపోదు. ఒక మనిషి రెండు కళ్లూ రెండు వేర్వేరు సాక్ష్యాలు కావు. మనిషికి ఒక సగటు తీసుకుని పదీ పదిగా అన్‌పెయిర్డ్ చేయడం వీటిలో సులువైన దారి. ఇలా కళ్లనూ పళ్లనూ మనుషుల్లా లెక్కపెట్టి సంఖ్య పెంచుకున్న పట్టికలు కంటివైద్యం, దంతవైద్యం థీసిస్‌లలో ఇప్పటికీ తగులుతుంటాయి.

(పాఠ్యపుస్తకంలో ముప్పై దాటితే జెడ్-టెస్ట్, లోపైతే టీ-టెస్ట్ అని చదివినవాళ్లకు ఒక మాట. పరీక్షలో పుస్తకం చెప్పినట్టే రాయండి. పనిలో మాత్రం టీ-టెస్టే వాడండి. సంఖ్య పెద్దదయ్యేకొద్దీ రెండు జవాబులూ ఒకటే అవుతాయి. మూడో గ్రూపు వస్తే టీ-టెస్ట్ వదిలి అనోవాకి పోవాలి. సగటులు కాకుండా శాతాలు పోలుస్తుంటే దారే వేరు. అక్కడ కూడా జతలుంటే మెక్‌నెమార్, లేకపోతే కై-స్క్వేర్ అని ఇదే చీలిక ఉంటుంది.)

అసలు తిప్పలు రెండూ కలిసి వచ్చినప్పుడు. నేటి ప్రయోగాలు ఎక్కువగా ఇలాగే ఉంటాయి. రెండు గ్రూపులు, ఒక్కో గ్రూపులో మందుకు ముందు ఒక కొలత, తర్వాత ఒక కొలత. ఒక లెక్క ఊహించుకుందాం. కొత్త మందు గ్రూపులో ఇరవైమంది, పాత మందు గ్రూపులో ఇరవైమంది. కొత్త గ్రూపులో బీపీ సగటున 8 పాయింట్లు తగ్గింది, పాత గ్రూపులో 5. తగ్గుదల చెదురుదనం రెండింటిలోనూ 12. విద్యార్థి ఏం చేస్తాడంటే, గ్రూపుకొకటి చొప్పున రెండు పెయిర్డ్ టెస్టులు చేస్తాడు. కొత్త మందు గ్రూపులో టీ విలువ 2.98, పి-విలువ 0.008 దగ్గర. పాత మందు గ్రూపులో టీ 1.86, పి 0.08 దగ్గర. ఒకటి అయిదు శాతం గీత దాటింది, ఒకటి దాటలేదు. 'కాబట్టి పాత మందుకంటే కొత్తది మేలు' అని ముగింపు రాసేస్తాడు.

ఆ ముగింపుకి ఆధారం ఎక్కడా లేదు. రెండు మందులను ఒకదానితో ఒకటి పోల్చిన లెక్క అందులో ఒక్కటీ లేదు. ప్రతి గ్రూపునూ దాని పాత స్థితితో పోల్చాడంతే. మందులను పోల్చాలంటే ఒక్కొక్కరికీ తగ్గుదల ఎంతో లెక్కగట్టి, కొత్త గ్రూపులోని ఇరవై తగ్గుదలలనూ పాత గ్రూపులోని ఇరవై తగ్గుదలలనూ ఎదురెదురుగా పెట్టి అన్‌పెయిర్డ్ టెస్ట్ చేయాలి. ముందు-తర్వాత అన్నది తీసివేతలోనే అయిపోయింది. మిగిలింది రెండు వేర్వేరు గ్రూపుల మనుషులు. ఇలా చేస్తే తేడా 3 పాయింట్లు, ఊపు దాదాపు 3.8, టీ విలువ 0.79, పి-విలువ 0.43. కొత్త మందు మేలని చెప్పడానికి ఈ అంకెల్లో ఏమీ లేదు. తగ్గుదలలను పోల్చేకంటే మొదటి బీపీని లెక్కలోకి తీసుకుని చివరి బీపీలను పోల్చే ఆంకోవా అనే పద్ధతి ఇంకా బలమైనది. తెలిసిన స్టాటిస్టీషియన్ చేతిలో పెడితే ఎక్కువగా ఆ దారే పడతాడు.

అసలు రెండో గ్రూపే లేకుండా, ఒకే గ్రూపుకి ముందు-తర్వాత పెయిర్డ్ టెస్ట్ చేసి 0.001 చూపించేవాళ్లు కూడా ఉంటారు. టెస్ట్ సరైనదే, జవాబూ సరైనదే. బీపీ తగ్గిందన్నది నిజం. మందు వల్ల తగ్గిందని మాత్రం ఆ అంకె చెప్పదు. క్యాంపులో బీపీ ఎక్కువ చూపించినవాళ్లనే ఏరి తీసుకున్నాం కదా. అందులో కొందరికి ఆరోజు ఎండకో ఆదుర్దాకో ఎక్కువ చూపించి ఉంటుంది. మళ్లీ కొలిస్తే మందు వేసినా వెయ్యకపోయినా గ్రూపు సగటు కొంత కిందికి దిగుతుంది. పెయిర్డ్ టెస్ట్‌కి మార్పు కనబడుతుంది గానీ దాని కారణం కనబడదు.

మళ్లీ ఆ నిద్ర పట్టికలో తొమ్మిదో రోగి దగ్గరికి వద్దాం. మిగతా అందరి తేడాలూ సున్నాకీ రెండున్నరకీ మధ్య ఉంటే ఇతనిది 4.6. టీ-టెస్ట్‌కి అంకెలు గంట ఆకారంలో, అంటే నార్మల్‌గా పరచుకుని ఉండాలని చదువుకున్నాం. విద్యార్థులు ఈ నియమాన్ని చూసే చోటే పొరబడతారు. మొదటి కాలమ్‌కి ఒక నార్మాలిటీ టెస్ట్, రెండో కాలమ్‌కి ఇంకొకటి చేసి పట్టిక పెడతారు. పెయిర్డ్ టెస్ట్ ఆ కాలమ్‌లను చూడనే చూడదు. చూసేది తేడాల కాలమ్‌ని, నార్మల్‌గా ఉండాల్సిందీ అదే. పది చుక్కలు ఒక గీత మీద పెట్టి చూస్తే చాలు, 4.6 విడిగా దూరంగా నిలబడటం కంటికే తెలుస్తుంది.

అతన్ని తీసేసి లెక్క చేస్తే ఏమవుతుంది? సగటు తేడా 1.58 నుంచి 1.24కి పడిపోతుంది. పెద్ద అంకె పోయింది కాబట్టి అది అనుకున్నదే. టీ విలువ మాత్రం 4.06 నుంచి 5.66కి పెరుగుతుంది! ఆ ఒక్క అంకె సగటుని పెంచినదానికంటే చెదురుదనాన్ని ఎక్కువ పెంచుతోంది. రెండో మందుకి అనుకూలంగా ఉన్న సాక్షే కేసుని బలహీనం చేస్తున్నాడన్నమాట. అలాగని తీసేయకూడదు. కొలిచినప్పుడు పొరపాటు జరిగిందన్న ఆధారం ఉంటే తప్ప రోగిని పట్టికలోంచి తీసే హక్కు లెక్క చేసేవాడికి లేదు.

అనుమానం తీరాలంటే అంకెల పరిమాణాన్నే పట్టించుకోని పద్ధతి ఒకటి చేసి చూడొచ్చు. దానికి పేరు సైన్ టెస్ట్. అయిదో రోగికి రెండు మందులూ సమానం, అతన్ని పక్కన పెడదాం. మిగతా తొమ్మిదిమందిలో తొమ్మిదిమందికీ రెండో మందే ఎక్కువ నిద్ర ఇచ్చింది. మందుల్లో తేడా లేకపోతే ఇది నాణెం తొమ్మిదిసార్లు ఎగరేస్తే తొమ్మిదిసార్లూ ఒకేవైపు పడటంలాంటిదే. అలా జరిగే అవకాశం, బొమ్మయినా బొరుసయినా, 512లో 2, అంటే 0.0039. తొమ్మిదో రోగి తేడా 4.6 అయినా 0.6 అయినా ఈ జవాబు మారదు. పరీక్షల్లో 'జతలున్నాయి, నార్మల్ కాదు' అంటే విల్కాక్సన్ సైన్డ్-ర్యాంక్ టెస్ట్ అనీ, 'జతల్లేవు, నార్మల్ కాదు' అంటే మన్-విట్నీ అనీ అడుగుతారు. పేర్లు వేరైనా అక్కడా చీలిక జతల దగ్గరే.

జతలు లేనప్పుడు ఇంకో చిన్న ఎంపిక ఉంది. రెండు గ్రూపుల చెదురుదనం సమానమని నమ్మి చేసే పాత టీ-టెస్ట్ ఒకటి, సమానం కాకపోయినా పనిచేసే వెల్చ్ టీ-టెస్ట్ ఒకటి. ముందు సమానమో కాదో ఇంకో టెస్ట్ పెట్టి తేల్చుకుని అప్పుడు ఎంచుకోమని పాత పుస్తకాలు చెబుతాయి. నా మాట వింటే నేరుగా వెల్చ్ వాడండి. చెదురుదనం సమానంగా ఉన్నా నష్టం దాదాపు ఉండదు, లేనప్పుడు కాపాడుతుంది. పైన ఆర్‌లో నాలుగో లైను చేసింది అదే.

జతలుండీ పోగొట్టుకునే సందర్భం మన ఊళ్లలో మామూలుగా కనిపించేది ఒకటుంది. ఆశా కార్యకర్తలకో నర్సులకో రెండు రోజుల శిక్షణ పెడతారు. మొదలుపెట్టే ముందు ఒక ప్రశ్నపత్రం, అయ్యాక అదే ప్రశ్నపత్రం. భయపడకుండా రాస్తారని పేర్లు రాయించరు. తర్వాత నలభై 'ముందు' కాగితాలూ నలభై 'తర్వాత' కాగితాలూ స్టాటిస్టీషియన్ బల్ల మీదికి వస్తాయి. మనుషులు అవే నలభైమంది. అయినా ఏ కాగితం ఎవరిదో తెలియదు. జత కుదిర్చే ఆధారం లేనప్పుడు కట్టలో ఉన్న వరుసలోనే పక్కపక్కన పెట్టి పెయిర్డ్ చేయడం దొంగలెక్క. ఇంకోసారి కలిపి పేరిస్తే ఇంకో జవాబు వస్తుంది.

అప్పుడు మిగిలింది అన్‌పెయిర్డ్ ఒక్కటే. అది సరైన టెస్ట్ కాదు, చేతనైన టెస్ట్. ముందు బాగా రాసినవాళ్లే తర్వాతా బాగా రాస్తారు కాబట్టి, ఉన్న ఊపుకంటే ఎక్కువ ఊపు చూపిస్తుంది, నిజంగా ఉన్న తేడాను కూడా ఒక్కోసారి పట్టుకోలేకపోతుంది. నిద్ర పట్టికలో 0.0028 కావాల్సింది 0.079 అయినట్టే. అందుకని ఇలా చేసినప్పుడు అన్‌పెయిర్డ్ అయినా గీత దాటితే ఆ ఫలితాన్ని చాలావరకు నమ్మొచ్చు. దాటకపోతే మాత్రం శిక్షణ పనిచేయలేదని రాయకూడదు, జతలు పోయాయని రాయాలి. దీనికి విరుగుడు శిక్షణ మొదలయ్యే ముందే ఉంది. పేరు అక్కర్లేదు. అమ్మ పేరులో మొదటి రెండక్షరాలు, సొంత ఫోన్ నంబరులో చివరి మూడంకెలు రెండు కాగితాల మీదా రాయమంటే చాలు. ఎవరిదో తెలియకుండానే ఏది దేనికి జతో తెలుస్తుంది.